V తర్వాత ఏడో అక్షరం B నా, C నా? (మూడక్షరాల గుంపుల సిరీస్)

కిరణ్_పర్లాకిమిడి | రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రైల్వే ఎన్‌టీపీసీ పరీక్షకి ప్రిపేర్ అవుతున్నాను. ఈరోజు రాసిన మాక్ టెస్టులో ఈ ప్రశ్న వచ్చింది:

```
CXG, FUK, IRP, LOV, ?
OLB   OLC   OLD   OMC
```

నేను OLB పెట్టాను. కీలో OLC అని ఉంది. రూమ్‌లో మేం ముగ్గురం ఉంటాం, ముగ్గురమూ OLB యే పెట్టాం. ముగ్గురం ఒకేలా తప్పు చేస్తామా అని డౌటు.

నేను చేసింది ఇది. మొదటి అక్షరం మూడేసి ముందుకు వెళ్తోంది: C, F, I, L, తర్వాత O. రెండోది మూడేసి వెనక్కి వస్తోంది: X, U, R, O, తర్వాత L. మూడో స్థానంలో G నుంచి K కి 4, K నుంచి P కి 5, P నుంచి V కి 6. అంటే ఈసారి 7. V నంబరు 22. 22కి 7 కలిపితే 29. అక్షరాలు అన్ని లేవు కాబట్టి 27 తీసేశాను, 2 వచ్చింది. 2 అంటే B. ఎక్కడ పోయింది?

గుణుపూర్ ప్యాసింజర్ | రాత్రి 9:20

C యే. 27 ఎందుకు తీశావు తమ్ముడూ?

కిరణ్_పర్లాకిమిడి | రాత్రి 9:23

ఎదురు అక్షరాలకి 27 లోంచి తీస్తాం కదా అన్నా. A కి Z, B కి Y. అదే ఇక్కడా అనుకున్నా.

బరంపురం సత్తిబాబు | రాత్రి 9:31

కీ తప్పు. నేను నంబర్లతో పని లేకుండా వేళ్ల మీద లెక్కపెట్టాను. V, W, X, Y, Z, A, B. ఏడు అక్షరాలు. B వచ్చింది. కిరణ్ ఒక రకంగా చేశాడు, నేను ఇంకో రకంగా చేశాను, ఇద్దరికీ అదే వచ్చిందంటే ఇంక అనుమానం ఏముంది? ఈ మాక్ టెస్టుల వాళ్లు కీలు చూసుకోకుండా పెట్టేస్తారు.

బుకింగ్ మాస్టారు | రాత్రి 10:04

సత్తిబాబు గారూ, కీ సరైనదే. మీ ఇద్దరివీ వేరు వేరు తప్పులు, రెండూ వచ్చి ఒకే చోట ఆగాయి. ప్రశ్న తయారుచేసినవాడికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే OLB ని ఆప్షన్లలో మొదట కూర్చోబెట్టాడు.

ముందు కిరణ్ సంగతి. నేను బుకింగ్ కౌంటర్‌లో పనిచేసి రిటైర్ అయినవాణ్ని, నాకు టైమ్ టేబుల్ భాషే వచ్చు. 22:00 గంటలకి బండి ఎక్కావు, ప్రయాణం 7 గంటలు. ఎన్నింటికి దిగుతావు? 29 గంటలకి అనవు. 24 తీసేసి, తెల్లారి 5 అంటావు. 25 తీయాలని నీకు ఎప్పుడూ అనిపించదు, ఎందుకంటే రోజుకి ఉన్నవి 24 గంటలే. అక్షరాలు 26. ఒక చుట్టు పూర్తయి మళ్లీ మొదలైతే తీయాల్సింది 26. 29 లోంచి 26 పోతే 3, అది C.

మరి 27 ఎక్కడిది? అది చుట్టుది కాదు, మడతది. అక్షరాల పట్టీని మధ్యకి మడిస్తే A మీద Z పడుతుంది, B మీద Y పడుతుంది. 1, 26 కలిపితే 27. 2, 25 కలిపినా 27. అది రెండు నంబర్ల మొత్తం. ఒక అక్షరానికి ఎదురుది కావాలంటే 27 లోంచి తీయాలి. Z దాటి A కి వస్తే మాత్రం 26 తీయాలి. ఒకదాంట్లో 27 లోంచి తీస్తున్నాం, రెండోదాంట్లో వచ్చినదాంట్లోంచి 26 తీస్తున్నాం. పనే వేరు. కంగారులో రెండూ కలిసిపోతాయి.

ఇంక సత్తిబాబు గారి వేళ్లు. పర్లాకిమిడిలో గుణుపూర్ బండి ఎక్కి, "ఏడో స్టేషన్లో దిగు" అంటే పర్లాకిమిడిని ఒకటో స్టేషను అని లెక్కేస్తామా? ఎక్కిన స్టేషను లెక్కలోకి రాదు. V మీద మీరు నిలబడి ఉన్నారు. W ఒకటి, X రెండు, Y మూడు, Z నాలుగు, A ఐదు, B ఆరు, C ఏడు.

బరంపురం సత్తిబాబు | రాత్రి 10:11

అయితే G నుంచి K కి 4 అని ఎలా వచ్చింది? G, H, I, J, K అయిదు కదా.

బుకింగ్ మాస్టారు | రాత్రి 10:15

మీ పద్ధతిలో అయిదే. అప్పుడు K నుంచి P కి 6, P నుంచి V కి 7 అవుతాయి, తర్వాతది 8 కావాలి. మీ పద్ధతిలోనే V తో మొదలుపెట్టి 8 లెక్కపెట్టండి. C యే వస్తుంది. మీరు 4, 5, 6 ని కిరణ్ పోస్టులోంచి తీసుకుని, చివరి 7 ని మాత్రం మీ పద్ధతిలో లెక్కేశారు. అదే తేడా.

బరంపురం సత్తిబాబు | రాత్రి 10:17

సరే. ఒప్పుకున్నా. కానీ మాక్ టెస్టు కీల్లో తప్పులుంటాయన్నది మాత్రం నిజం.

లక్ష్మి_రాయగడ | రాత్రి 10:26

కిరణ్, అసలు దీంట్లో మొదటి రెండు అక్షరాలకి లెక్కే అక్కర్లేదు. CX, FU, IR, LO. అన్నీ ఎదురు జంటలే. IR అంటే ఇండియన్ రైల్వే అని గుర్తుపెట్టుకోమని చెప్పారు మాకు. మొదటి అక్షరం O వచ్చిందంటే రెండోది దాని ఎదురు, L. రెండు సెకన్లలో అయిపోతుంది.

అయితే నా కథ కూడా విను. ఇలాగే సంబరపడిపోయి పోయిన నెల ఒక టెస్టులో దెబ్బతిన్నాను. ప్రశ్న ఇది:

```
DWB, GUF, JSJ, MQN, ?
```

DW ఎదురు జంట అని చూడగానే "ఓహో ఇదీ అదే" అనుకుని, మొదటిది P, దాని ఎదురు K, మూడోది నాలుగేసి పెరుగుతోంది కాబట్టి R, మొత్తం PKR అని పెట్టేశాను. ఆప్షన్లలో అది ఉంది కూడా! అసలు జవాబు POR. రెండోది W, U, S, Q అని రెండేసి వెనక్కి వస్తోంది, తర్వాత O. ఎదురు జంట మొదటి గుంపులో మాత్రమే ఉంది.

బుకింగ్ మాస్టారు | రాత్రి 10:38

లక్ష్మి అమ్మా, బాగా చెప్పావు. ఎదురు జంటలు చివరిదాకా నిలవాలంటే ఒకటి ఎన్ని ముందుకు వెళ్తే రెండోది సరిగ్గా అన్నే వెనక్కి రావాలి. కిరణ్ ప్రశ్నలో మూడు ముందుకి, మూడు వెనక్కి, అందుకే నిలిచింది. నీ ప్రశ్నలో మూడు ముందుకి, రెండు వెనక్కి. రెండో గుంపు చూడగానే బయటపడుతుంది: G కి ఎదురు T, అక్కడ ఉన్నది U. కాబట్టి మొదటి గుంపులో జంట కనిపిస్తే రెండో గుంపులో కూడా ఉందా అని ఒక్కసారి చూసి అప్పుడు నమ్మాలి. మొదటి గుంపు ఒక్కటీ ఏ సాక్ష్యమూ ఇవ్వదు. కదలిక మొదలయ్యేది రెండో గుంపులో.

రాయగడ అమ్మ | రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మా అబ్బాయి పదోతరగతి దాకా ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం కానీ రాయడం రాదు వాడికి. ఈ అక్షరాల ప్రశ్నలు పరీక్షలో ఒడియా అక్షరాలతో వస్తాయా, తెలుగు అక్షరాలతో వస్తాయా? క, ఖ, గ వరుస వాడికి సరిగా గుర్తుండదు. అదే టెన్షన్‌గా ఉంది. అప్లికేషన్‌లో ఏ భాష పెట్టమంటారు?

లక్ష్మి_రాయగడ | రాత్రి 10:58

అమ్మా, కంగారు పడకండి. రైల్వే పరీక్షలో ఒడియా పెట్టుకోవచ్చు, తెలుగు పెట్టుకోవచ్చు. ప్రశ్నలో వాక్యం ఆ భాషలో ఉంటుంది. అక్షరాలు మాత్రం A, B, C, D లే. నేను తెలుగులో రాశాను, నాకూ అలాగే వచ్చాయి. బాబు చదవగలిగే భాషే పెట్టించండి, ఒడియా అయితే ఒడియా. A నుంచి Z దాకా నంబర్లు మాత్రం బట్టీ వేయించండి.

రాయగడ అమ్మ | రాత్రి 11:01

థాంక్స్ తల్లీ. ఏబీసీడీలైతే వాడికి వచ్చు.

గుణుపూర్ ప్యాసింజర్ | రాత్రి 11:10

అన్నీ ఇంకెవరో చెప్పేశారు కానీ నా పద్ధతి వేరు. నేను గుంపు లోపలే చూస్తాను. కిరణ్ ప్రశ్నలో C నుంచి G కి 4. F నుంచి K కి 5. I నుంచి P కి 7. L నుంచి V కి 10. అంటే 4, 5, 7, 10. తేడాలు 1, 2, 3. తర్వాత 4 పెరిగి 14. O నుంచి 14 అంటే 15, 14 కలిపి 29, మళ్లీ C యే. ఎటు నుంచి వెళ్లినా అక్కడికే వచ్చింది చూడండి. నాకు ఇదే సులువు, పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కళ్లు దూరం వెళ్లక్కర్లేదు.

బుకింగ్ మాస్టారు | రాత్రి 11:24

సరైన జవాబే, కానీ ఎందుకు వచ్చిందో చూడండి. మొదటి అక్షరం ప్రతిసారీ 3 కదులుతోంది. మూడోది 4, 5, 6, 7 కదులుతోంది. రెండిటి మధ్య దూరం ప్రతిసారీ 1, 2, 3, 4 పెరగక ఏం చేస్తుంది? మీరు రెండు కదలికలని కలిపేసి, కలిపినదాన్ని విప్పారు. ఇక్కడ ఆ రెండూ మంచి వరుసలు కాబట్టి కలిపినా శుభ్రంగా ఉంది. పైగా ఇచ్చిన గుంపుల్లో మూడో అక్షరం ఎప్పుడూ మొదటిదాని కన్నా ముందుకే ఉంది, మధ్యలో Z దాటలేదు. అదే మూడో అక్షరం ఒక గుంపులో చుట్టు తిరిగి మొదటి అక్షరం కన్నా వెనక్కి వచ్చేసిందనుకోండి, మీ దూరం ఉన్నట్టుండి మైనస్‌లోకి పడుతుంది, వరుస తెగిపోయినట్టు కనిపిస్తుంది. జవాబు వచ్చాక సరిచూసుకోడానికి మీ పద్ధతి బావుంది. వెతకడం మాత్రం స్థానానికో గీత గీసి, నిలువుగా వెతకండి.

నేను పిల్లల చేత రఫ్ షీటు మీద ఇలా రాయిస్తాను:

```
C  3   X 24   G  7
F  6   U 21   K 11
I  9   R 18   P 16
L 12   O 15   V 22
O 15   L 12   C 29-26=3
```

చుట్టు తిరిగిన చోట 29 ని కొట్టేయకూడదు, ఉంచాలి. ఇంకో అడుగు ముందుకు అడిగితే 29 కే 8 కలపాలి, అప్పుడు తేడాల వరుస కళ్లకి తెగకుండా కనిపిస్తుంది.

లక్ష్మి_రాయగడ | రాత్రి 11:29

ఇంత రాసే టైమ్ ఉండదు మాస్టారూ పరీక్షలో. 90 నిమిషాలు, 100 ప్రశ్నలు. ఆప్షన్లు చూడండి ముందు. కిరణ్ ఆప్షన్లన్నీ O తోనే మొదలయ్యాయి, అంటే మొదటి స్థానం లెక్క అసలు చేయక్కర్లేదు. చివరి అక్షరాలు B, C, D, C. కాబట్టి ముందు మూడో స్థానం లెక్కేసుకుని, C వచ్చాక OLC నా OMC నా అని మధ్య అక్షరం ఒక్కటి చూసుకుంటే చాలు.

బుకింగ్ మాస్టారు | రాత్రి 11:33

ఒప్పుకుంటున్నాను. ఆప్షన్లు ఎక్కడ తేడా పడుతున్నాయో అక్కడే లెక్క. తప్పు జవాబుకి మూడో వంతు మార్కు పోతుంది కాబట్టి, తేడా పడిన చోట మాత్రం కాగితం మీద రాసే చేయండి. అక్కడ నోటి లెక్క వద్దు.

సిరొంచ సమ్మయ్య | ఉదయం 6:48

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, గోదావరి ఇవతలి ఒడ్డు. మీ చర్చ పొద్దున్నే చదివిన. నాకు ఒక ప్రశ్న మీద మా కోచింగ్ సార్‌తో గొడవ నడుస్తున్నది. మీరే చెప్పండ్రి.

```
AZB, DXD, GVH, ?
JTN   JTP   JUN   KTP
```

మొదటిది మూడేసి ముందుకు, J. రెండోది రెండేసి వెనక్కి, T. ఆడిదాకా ఎవరికీ గొడవ లేదు. మూడోది B, D, H. అంటే 2, 4, 8. మా సార్ రెట్టింపు అవుతున్నది, తర్వాత 16, కాబట్టి P అంటడు. నేను 2 పెరిగింది, తర్వాత 4 పెరిగింది, ఇప్పుడు 6 పెరగాలె, 14 అయితది, N అంటున్న. JTN, JTP రెండూ ఆప్షన్లల్ల ఉన్నయి. కీలో JTP.

బరంపురం సత్తిబాబు | ఉదయం 7:15

P యే. 2, 4, 8, 16 చిన్నపిల్లాడు కూడా చెప్తాడు.

కిరణ్_పర్లాకిమిడి | ఉదయం 7:40

నాకు N అనిపిస్తోంది. నా ప్రశ్నలో 4, 5, 6, 7 ఎలా వచ్చిందో ఇక్కడ 2, 4, 6 అలా. అక్షరం రెట్టింపు కావడం ఏంటి, అక్షరం కదులుతుంది కానీ.

బుకింగ్ మాస్టారు | ఉదయం 8:20

సమ్మయ్య గారూ, ఇద్దరూ సరే, అదే ఇబ్బంది. మూడు గుంపులిస్తే మీ చేతిలో ఉండేవి రెండు అడుగులే. ఒకే అంకె మళ్లీ మళ్లీ కలిసే స్థానానికి రెండు అడుగులు చాలు, మూడు మూడు అని చూసి నమ్మొచ్చు. అడుగే మారే స్థానానికి రెండు చాలవు. 2 తర్వాత 4 అన్నాక, తర్వాతది 6 కావచ్చు, 8 కావచ్చు. కిరణ్ ప్రశ్న తయారుచేసినవాడు నాలుగు గుంపులిచ్చాడు కాబట్టి మూడు అడుగులు దొరికాయి, 4, 5, 6 అని గట్టిగా తేలింది. ఇక్కడ నాలుగో గుంపు ఒకటి ఇచ్చి ఐదోది అడిగి ఉంటే మీకూ మీ సార్‌కీ గొడవే లేదు.

నా మొగ్గు అడిగితే N వైపు. స్థానం నంబరుని రెట్టింపు చేసే ప్రశ్నలు తక్కువ, ఎందుకంటే 16 తర్వాత 32 అయి వెంటనే Z దాటేస్తుంది, ప్రశ్న తయారుచేసేవాడికే చిరాకు. కానీ ఇది అలవాటు మీద చెప్పే మాట, రుజువు కాదు.

సిరొంచ సమ్మయ్య | ఉదయం 8:41

మా సార్ కూడా ఇట్లనే అంటడు, ఆయన అలవాటు P వైపు. అసలు పరీక్షల ఇట్లాంటిది వస్తే ఏం చేయాలె?

లక్ష్మి_రాయగడ | ఉదయం 8:55

వదిలేసి ముందుకెళ్లండి అన్నా. అసలు పరీక్షలో అయితే కీ వచ్చాక అభ్యంతరం పెట్టొచ్చు. రైల్వేలో ప్రశ్నకి 50 రూపాయలు, బ్యాంకు చార్జీలు అదనం, మన మాట నెగ్గితే ఆ 50 వెనక్కిస్తారు. కోచింగ్ టెస్టుకి ఆ సౌకర్యం లేదు, సార్‌తో గొడవే.

బరంపురం సత్తిబాబు | ఉదయం 9:02

నేను ఇప్పటికీ P అనే అంటాను.

కిరణ్_పర్లాకిమిడి | ఉదయం 9:30

మాస్టారూ, ఇంకో డౌటు. వెనక్కి వస్తూ A దాటేస్తే? C నుంచి 5 వెనక్కి అంటే 3 లోంచి 5 పోతే మైనస్ 2 వస్తుంది. అప్పుడేం చేయాలి?

బుకింగ్ మాస్టారు | ఉదయం 9:44

26 కలుపు. మైనస్ 2 కి 26 కలిపితే 24, X. వేళ్ల మీద చూసుకో: B, A, Z, Y, X. సరిపోయింది. ఒకవేళ సరిగ్గా సున్నా వస్తే అది Z, దాన్ని మరచిపోకు.

ఇదిగో, రెండు వైపులా చుట్టు తిరిగే ప్రశ్న. ఆప్షన్లు ఇవ్వను.

```
KDY, MAB, OXE, QUH, ?
```

బరంపురం సత్తిబాబు | ఉదయం 10:05

మూడో స్థానం కుదరట్లేదు మాస్టారూ. Y 25, B 2, E 5, H 8. ముందు 23 తగ్గింది, తర్వాత మూడేసి పెరిగింది. వరుస ఎక్కడుంది? మళ్లీ తప్పు ప్రశ్న అనను కానీ, చూడండి ఒకసారి.

గుణుపూర్ ప్యాసింజర్ | ఉదయం 10:12

సత్తిబాబు గారూ, 23 తగ్గడం అంటే 3 పెరగడమే. Y నుంచి Z, A, B. మూడు. చుట్టు దాటింది అంతే. పెద్ద అంకె తగ్గినట్టు కనిపిస్తే దాన్ని 26 లోంచి తీసి చూడండి, చిన్న అంకె బయటికొస్తుంది. రెండో స్థానంలో కూడా అంతే: A నుంచి X కి 23 పెరిగినట్టుంది, నిజానికి 3 వెనక్కి. ఇంకో మాట, మాస్టారు రాత్రి చెప్పింది ఇప్పుడు అర్థమైంది. నా పద్ధతిలో K నుంచి Y 14 ముందుకి, M నుంచి B 11 వెనక్కి వచ్చింది. అక్కడే ఆగిపోయాను.

కిరణ్_పర్లాకిమిడి | ఉదయం 10:31

మూడు గీతలు గీసి చేశాను. మొదటిది రెండేసి: 11, 13, 15, 17, 19. రెండోది మూడేసి వెనక్కి: 4, 1, మైనస్ 2, మైనస్ 5, మైనస్ 8. చివరిదానికి 26 కలిపితే 18. మూడోది 25, 28, 31, 34, 37. 37 లోంచి 26 పోతే 11.

S, R, K. మాస్టారూ, హీరో పేరు వచ్చేలా కావాలనే చేశారా?

బుకింగ్ మాస్టారు | ఉదయం 10:50

లేదు నాయనా, మూడు వరుసలు రాసుకుంటూ పోయాను, నువ్వు చెప్పాకే చూశాను. ఈసారి B పెట్టలేదు, సంతోషం.

బరంపురం సత్తిబాబు | ఉదయం 10:58

నాకూ SRK యే వచ్చింది. సమ్మయ్య గారూ, మీ సార్ మీ N ని ఒప్పుకున్నాడా లేదా?

సిరొంచ సమ్మయ్య | మధ్యాహ్నం 1:20

లేదు. ఈ రోజు బోర్డు మీద 2, 4, 8, 16 అని రాసి నా దిక్కు చూసిండు.